తేనె బ్రాండ్ పుట్టిన కథ రాసి ఆర్డర్లు తెచ్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, తెనాలి, విజయవాడ, నరసరావుపేట వైపు సొంత లేబుల్‌తో తేనె అమ్మేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. నేను చిన్న చిన్న తిండి బ్రాండ్లకు పోస్టులు రాసిపెడుతుంటాను. తేనెవాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా అవే సందేహాలు వస్తున్నాయి, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. ఉదాహరణలన్నీ అరండల్‌పేటలో ఉండే ఒక మిత్రుడి తేనెవే. బ్రాండ్ పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## రాయడానికి ముందు

మా తేనె వెనక కథేమీ లేదండి. పెట్టెలవాళ్ల దగ్గర కొంటాం, బాటిల్లో పోస్తాం, అమ్ముతాం. ఏం రాయమంటారు?

కథ ఉంటుంది. అది మీకు సిగ్గుగా అనిపించే చోట ఉంటుంది కాబట్టి చెప్పరు, అంతే.

నా మిత్రుడు పురుగుమందుల అమ్మకాల ఉద్యోగం చేసేవాడు. డిసెంబరులో నంద్యాల వైపు ఒక పొద్దుతిరుగుడు చేను దగ్గరికి వెళ్లి రైతుకు మందు గురించి చెబుతుంటే, గట్టు మీద తేనె పెట్టెలు పెట్టుకున్నాయన వచ్చి, "పొద్దున పూట కొట్టించకండి సార్, నా ఈగలన్నీ పోతాయి" అన్నాడట. అలా మొదలైన మాటలు, వెళ్లేటప్పుడు ఒక క్యాన్ తేనె కొనడం దాకా వచ్చాయి. ఇరవై ఐదు లీటర్ల క్యాన్, 35 కిలోలు. గుంటూరు తెచ్చి అరకిలో బాటిళ్లలో నింపితే 68 వచ్చాయి, మిగిలింది క్యాన్‌కీ గరాటుకీ అంటుకుపోయింది. అన్నీ తెలిసినవాళ్లకే అమ్మాడు. ఫిబ్రవరి వచ్చేసరికి తేనె పేరుకుపోయింది. పదకొండు బాటిళ్లు వెనక్కి వచ్చాయి. వాళ్ల వీధిలో ఒక పిన్నిగారు అందరిముందూ "చక్కెర పాకం అమ్ముతున్నావా నాయనా" అని అడిగారు.

ఇదంతా నాకు రెండు గంటలు మాట్లాడాక చెప్పాడు. అప్పటిదాకా "ప్రకృతి, స్వచ్ఛత, ఆరోగ్యం" అంటూనే ఉన్నాడు. మీ బ్రాండ్ గురించి ఆలోచించేటప్పుడు, ఇక మానేద్దాం అనిపించిన రోజేదో గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు చేతిలో ఏముంది, ఎవరు ఏమన్నారు, మర్నాడు మీరేం చేశారు. చాలా బ్రాండ్లకు అసలు పుట్టినరోజు అదే.

అమ్మమ్మ, పల్లెటూరు, చిన్నప్పుడు తిన్న తేనెపట్టు అని మొదలుపెడితే మనసుకు తాకదా?

నిజంగా జరిగి ఉంటే తాకుతుంది. కానీ మీ బాటిల్లోది పెట్టె తేనె, మీ అమ్మమ్మ పెట్టింది చెట్టు మీద పట్టు తేనె అయితే, చదివినవాళ్లు ఆ పట్టు తేనెనే ఊహించుకుని ఆర్డర్ పెడతారు. పార్శిల్ విప్పాక రంగు వేరు, వాసన వేరు, చిక్కదనం వేరు. అక్కడ మొదలవుతుంది గొడవ.

"కొండ తేనె", "అడవి తేనె" అన్న మాటలదీ ఇదే సంగతి. మన దగ్గర కొండ తేనె అంటే పెద్ద ఈగలు కొండ చరియలకూ ఎత్తయిన చెట్లకూ పెట్టే పట్టు నుంచి తీసింది. గిరిజనులు సేకరించేది అదే. పెట్టెల్లో పెంచేవి చాలావరకు ఇటాలియన్ ఈగలు, అవి చేల పక్కన పెరుగుతాయి. పెట్టె తేనె తక్కువదేమీ కాదు. ఏ పంట పువ్వుదో, ఏ ఊరిదో, ఏ నెలలో తీసిందో కచ్చితంగా చెప్పగలిగేది దానికే. ఆ బలాన్ని వదిలేసి లేని అడవిని తెచ్చి పెట్టుకోవడం ఎందుకు?

"రైతుల దగ్గర నుంచి నేరుగా" అని రాయొచ్చా? పెట్టెలాయనకు సొంత పొలం లేదు మరి.

ఇక్కడ ఇద్దరు ఉంటారు. చేను ఒకరిది, పెట్టెలు ఇంకొకరివి. పెట్టెలాయన పంటను బట్టి తిరుగుతుంటాడు. ఒకచోట పూత అయిపోగానే రాత్రిపూట, ఈగలన్నీ లోపలికి చేరాక, పెట్టెల మూతులు మూసి లారీ ఎక్కించి ఇంకో పూత దగ్గరికి తీసుకెళ్తాడు. తేనె ఆయనది. చేను రైతు చోటిస్తాడు, ఆ పూట మందు కొట్టకుండా ఆగుతాడు.

రెండు మాటల్లో ఈ సంగతి చెప్పేస్తే "నేరుగా" అన్న మాటకు అర్థం వస్తుంది. పైగా చదివేవాళ్లకు ఇది కొత్త. పొద్దుతిరుగుడులో ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పువ్వుకు చేరితే గింజ బాగా కడుతుంది, ఈగలు తిరిగిన చేలో తాలు గింజ తగ్గుతుంది. అందుకే రైతు గట్టు మీద చోటివ్వడానికి ఒప్పుకుంటాడు. పురుగుమందు అమ్మే మనిషి చేను మధ్య నిలబడి ఈ లెక్క మొదటిసారి విన్నాడు. మా మిత్రుడి పోస్టులో జనం ఎక్కువగా షేర్ చేసుకున్న పేరా అదే. మీరు మధ్యవర్తి దగ్గర కొంటుంటే మాత్రం "నేరుగా" అనకండి. ఆ పంట పేరు, ఆ ప్రాంతం పేరు చెప్పినా చాలు.

పెట్టెలాయన పేరు, ఫోటో పెట్టొచ్చా? ఆయనకు ఎంతిచ్చామో కూడా రాయాలా?

ముందు ఆయన్ని అడగండి. "ఫోటో తీసుకుంటా" అంటే చాలామంది సరే అంటారు, కానీ అది బాటిళ్లు అమ్మడానికి వాడతారని వాళ్లకు తెలియదు. ఫోన్లో పోస్టు చదివి వినిపించి ఒప్పుకున్నాకే పెట్టండి. వద్దంటే చేతుల ఫోటో, పొగ డబ్బా ఫోటో, ఫ్రేమ్ ఫోటో పెట్టినా పని జరుగుతుంది.

ఇచ్చిన ధర రాయడం మీ ఇష్టం. నేనైతే రాయమంటాను, కాకపోతే పక్కనే ఇంకో అంకె కూడా ఉండాలి. మా మిత్రుడు కొన్న రోజున వ్యాపారి పెట్టెలాయనకు కిలోకు 110 ఇస్తానంటున్నాడు, ఇతను 170 ఇచ్చాడు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు, "రైతుల జీవితాల్లో వెలుగులు నింపుతున్నాం" లాంటి వాక్యం అక్కర్లేదు. ఏ పేదరికం ఫోటో అక్కర్లేదు.

## రాసేటప్పుడు

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతున్నా. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి?

గండం దగ్గర నుంచి. ఫోన్లో "ఇంకా చూడండి" అని నొక్కకముందు కనిపించేది రెండు మూడు లైన్లే. అందులో ఒక మనిషి, ఒక వస్తువు, ఒక చిక్కు ఉంటే వేలు ఆగుతుంది. మా మిత్రుడి మొదటి డ్రాఫ్టు "తేనె ప్రకృతి ప్రసాదించిన అమృతం" అని మొదలైంది. దాన్ని తీసేసి ఇలా మార్చాం:

"ఫిబ్రవరిలో పదకొండు బాటిళ్లు మా గుమ్మం ముందుకు తిరిగొచ్చాయి. అన్నిట్లోనూ తేనె తెల్లగా పేరుకుపోయి ఉంది. ఒక పిన్నిగారు చక్కెర పాకం అన్నారు. నాకూ అనుమానమే వచ్చింది. ఒక బాటిల్ సంచిలో వేసుకుని మర్నాడు పొద్దున్నే నంద్యాల బస్సెక్కాను. పెట్టెలాయన చూసి నవ్వాడు. తన ఇంట్లో ఉన్న సీసా తెచ్చి చూపించాడు. అదీ పేరుకునే ఉంది."

ఆ తర్వాత చేను, రైతు, మందు సంగతి, కొన్న ధర వెనక్కి వెళ్లి చెప్పాం. కథ వరస ముఖ్యం కాదు. చదివేవాళ్లకు "మరి అది చక్కెరా కాదా?" అన్న ప్రశ్న మొదటే తగిలించి, జవాబు పోస్టు మధ్య దాకా ఆపడం ముఖ్యం. మొత్తం మూడు వందల మాటలు దాటలేదు.

గడ్డకట్టిందని మనమే రాస్తే ఉన్న ఆర్డర్లు కూడా పోవా?

ఇది అందరికీ ఉన్న టెన్షన్. అనుభవం మాత్రం దీనికి తలకిందులుగా ఉంది. దాచితే ఆర్డర్ వస్తుంది, తర్వాత బాటిల్ వెనక్కి వస్తుంది. చెబితే ఆర్డర్ నిలుస్తుంది.

ఎందుకు పేరుకుంటుందో రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. తేనెలో ముఖ్యంగా రెండు చక్కెరలు ఉంటాయి: ఫ్రక్టోజ్, గ్లూకోజ్. గ్లూకోజ్ వాటా ఎక్కువగా ఉన్న తేనె చలికి త్వరగా పలుకులు కడుతుంది. పొద్దుతిరుగుడు తేనె ఆ రకం, తీసిన కొన్ని వారాలకే మొదలుపెడుతుంది. మన పాఠకులకు ఇంకా సులువైన దారి నెయ్యి. చలికాలంలో నెయ్యి పేరుకుంటే ఎవరూ కల్తీ అనరు, సీసా ఎండలో పెడతారు. తేనె విషయంలో ఆ అలవాటు పోయింది, ఎందుకంటే అంగడి బాటిళ్లలో చాలావరకు వేడి చేసి వడకట్టినవి, అవి చాలాకాలం పేరుకోకుండా ఉంటాయి.

ఏం చేయాలో కూడా అక్కడే రాయండి. మూత కొంచెం వదులు చేసి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లలో బాటిల్ పెట్టాలి. నీళ్లు 45 డిగ్రీలు దాటకూడదు, పొయ్యి మీద మరిగించకూడదు. బాగా వేడి చేస్తే రంగు ముదురుతుంది, వాసన పోతుంది, హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. తేనె పాతబడిందా, అతిగా కాచారా అని పరీక్షల్లో చూసేది దాన్నే.

అలాగని పేరుకోవడమే స్వచ్ఛతకు రుజువు అని మాత్రం రాయకండి. చక్కెర కలిపిన తేనె కూడా పలుకులు కట్టవచ్చు. "పేరుకుంటే భయపడొద్దు" అన్నంతవరకే నిజం.

మాది స్వచ్ఛమైన తేనె అని ఎలా నమ్మించాలి? నీళ్ల గ్లాసులో వేసి వీడియో పెట్టమంటున్నారు.

ఆ వీడియో వద్దు. నీళ్ల గ్లాసు, అగ్గిపుల్ల, కాగితం మీద చుక్క, చీమలు పట్టడం... వీటిలో ఏదీ కల్తీని తేల్చదు, మహా అయితే చిక్కదనం తెలుస్తుంది. చిక్కటి పాకం కూడా గ్లాసు అడుగుకే దిగుతుంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షించి వివరాలు బయటపెట్టింది. మామూలు పరీక్షలు దాటిన బ్రాండ్లలో కూడా చాలావరకు కల్తీ పాకాన్ని పట్టుకోవడానికి జర్మనీలో చేసిన ఎన్.ఎం.ఆర్. పరీక్షలో నిలవలేదు. ప్రయోగశాలే తికమకపడే చోట గాజు గ్లాసు ఏం తేలుస్తుంది? రేపు ఎవరో అదే గ్లాసుతో మీ బాటిల్ మీద వీడియో చేస్తే మీ దగ్గర జవాబుండదు.

దానికి బదులు తేనె తీసిన పద్ధతి చూపించండి. ఈగలు మకరందంలో నీటిని రెక్కలతో విసిరి ఆరబెట్టి, పక్వానికి వచ్చాక గదిని మైనంతో మూస్తాయి. మూతలు పడని ఫ్రేము తీస్తే తేనె పల్చగా ఉంటుంది, కొన్నాళ్లకు నురగొస్తుంది, పుల్లటి వాసన వేస్తుంది, మూత తీస్తే సోడాలా చప్పుడవుతుంది. మన దేశ ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం మించకూడదు. తేమ కొలిచే చిన్న రిఫ్రాక్టోమీటర్ మీద ఒక చుక్క వేసి, అంకె కనిపించేలా ఫోటో తీసి పెట్టండి. మైనం మూతలున్న ఫ్రేము ఫోటో ఇంకొకటి. గుర్తింపు ఉన్న ల్యాబులో ఆ బ్యాచ్ పరీక్ష చేయించి ఉంటే రిపోర్టు, బ్యాచ్ నంబరుతో సహా. పోయినేడాది రిపోర్టు ఈ ఏడాది బాటిల్‌కు పెట్టడం తెలిసినవాళ్ల కంట్లో పడుతుంది.

జలుబు తగ్గుతుంది, బరువు తగ్గుతారు, షుగర్ ఉన్నవాళ్లు వాడొచ్చు అని రాస్తేనే ఆర్డర్లు వస్తాయి కదా?

రాయకండి. తిండి సరుకు జబ్బు నయం చేస్తుందని ప్రకటించడాన్ని ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2018 నాటి ప్రకటనల నిబంధనలు ఒప్పుకోవు. షుగర్ మాట ఇంకా ప్రమాదం, తేనెలో ఉన్నది అత్యధికం చక్కెరలే.

ఇంకొకటి మన ఇళ్లలోది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం ఉంది కాబట్టి, పసిబిడ్డ ఫోటోతో పోస్టు పెడితే బాగుంటుందని నన్ను ముగ్గురు అడిగారు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించకూడదు. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పెద్దవాళ్లను ఏమీ చేయవు గానీ, పసివాళ్ల పేగుల్లో పెరిగి బాటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెస్తాయి. ఎంత స్వచ్ఛమైన తేనెకైనా ఇది వర్తిస్తుంది. ఆ మాట పోస్టులోనూ, లేబుల్ మీదా ఒక లైను రాసి పెట్టండి. అలా రాసిన పోస్టు కింద "మంచి మాట చెప్పారు" అంటూ వచ్చిన కొత్త అమ్మల్లో కొందరు తమకోసం బాటిల్ తీసుకున్నారు కూడా.

## ఆర్డర్ దగ్గర

కథ మధ్యలో "ఇప్పుడే ఆర్డర్ చేయండి" అంటే చవకబారుగా ఉంటుంది. మరి ఎక్కడ చెప్పాలి?

కథ ముగిసిన చోటే సరుకు మొదలవ్వాలి. కథలో ఉన్న తేనే అమ్మకానికి ఉన్న తేనె అయితే అతుకు కనిపించదు. మా మిత్రుడు రెండో విడత రెండు క్యాన్లు తెచ్చాడు, 70 కిలోలు. నింపాక 136 బాటిళ్లు. పోస్టు చివర ఇలా రాశాం:

"అదే పెట్టెలాయన, అదే పొద్దుతిరుగుడు. 136 బాటిళ్లు ఉన్నాయి. అరకిలో, కొరియర్‌తో కలిపి 320 రూపాయలు. చలికాలంలో పేరుకుంటుంది, వేడి నీళ్లలో పెడితే కరుగుతుంది. కావలసినవాళ్లు 'పొద్దుతిరుగుడు' అని వాట్సాప్ చేయండి. సోమ, గురువారాల్లో పంపుతాం."

ఇందులో "త్వరపడండి" లేదు. 136 అన్న అంకె ఆ పని చేస్తుంది, ఎందుకంటే అది నిజం. "ఇంకా పదే ఉన్నాయి" అని రాసి, ఆ తర్వాత నలభై అమ్మేవాళ్లున్నారు. రెండోసారి ఎవరూ నమ్మరు.

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్లో లింకు పెడితే నొక్కినా తెరుచుకోదు, ప్రొఫైల్ బయోలో పెట్టాలి. ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ నేరుగా పెట్టొచ్చు. కింది తీరులో పెడితే మాట ముందే టైపయి ఉంటుంది, కొనేవాళ్లు పంపితే చాలు. మొదట 91, తర్వాత మీ పదంకెల నంబరు, మధ్యలో ఖాళీలూ ప్లస్ గుర్తూ వద్దు.

```
https://wa.me/91XXXXXXXXXX?text=Poddutirugudu
```

ధర పోస్టులోనే పెట్టాలా? "ఇన్‌బాక్స్ చేయండి" అంటే మాట కలుస్తుంది కదా?

పెట్టండి. ఇన్‌బాక్స్‌లోకి రమ్మంటే మొహమాటస్తులు రారు, మన దగ్గర మొహమాటస్తులే ఎక్కువ.

ధర ఎక్కువనిపిస్తుందని భయముంటే ముందు మీరే లెక్క వేసుకోండి. మా మిత్రుడి అరకిలో బాటిల్లో తేనె ఖర్చు 85 రూపాయలు. గాజు సీసా, మూత, లేబుల్, బబుల్ షీటు, అట్టపెట్టె కలిపి 45. కొరియర్ సగటున 70. మిగిలిన 120లో పగిలిన సీసాలు, నంద్యాల తిరుగుళ్లు, ల్యాబు ఫీజు, అతని కష్టం. ఈ లెక్కంతా పోస్టులో కుక్కితే కథ చచ్చిపోతుంది. ఎవరైనా కామెంట్లో అడిగితే అక్కడ చెప్పండి.

"అరకిలో అన్నారు, బాటిల్ ఇంత చిన్నగా ఉందేంటి" అంటున్నారు. ఏం చేయాలి?

తేనె నీళ్లకంటే బరువు. లీటరు తేనె సుమారు 1.4 కిలోలు తూగుతుంది, కాబట్టి అరకిలో తేనె 360 మిల్లీలీటర్ల సీసాలో సరిపోతుంది. నూనె, పాలు లీటర్లలో కొనే అలవాటుతో జనం అరకిలో అంటే అరలీటరు సీసా ఊహించుకుంటారు. కాటా మీద బాటిల్ పెట్టి, అంకె కనిపించేలా తీసిన ఫోటో పోస్టులో ఒకటి ఉంటే ఈ ఫిర్యాదు రాదు. ఖాళీ సీసా బరువు తీసేసి చూపించడం మరవకండి.

ఇంట్లోనే నింపి అమ్ముతున్నాం. లైసెన్సు గొడవలు పోస్టుకు ఎందుకు?

పోస్టుకు కాదు, అమ్మకానికే కావాలి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ లేకుండా తిండి సరుకు అమ్మకూడదు. మీ టర్నోవర్‌ను బట్టి ఏది కావాలో ఉంటుంది. ఆ 14 అంకెల నంబరు, నికర బరువు, ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్ నంబరు, చిరునామా లేబుల్ మీద ఉండాలి. లేబుల్ స్పష్టంగా కనిపించే ఫోటో ఒకటి పెడితే, అడిగేవాళ్లకు అదే జవాబు.

## పోస్టు పెట్టాక

కామెంట్లలో "ఇదంతా బెల్లం పాకం" అని ఒకడు రాశాడు. తీసేయాలా?

బూతులైతే తీసేయండి. అనుమానమైతే ఉంచండి, మర్యాదగా ఒక్కసారి జవాబివ్వండి: బ్యాచ్ నంబరు, రిపోర్టు ఫోటో, "తీసుకుని చూడండి, నచ్చకపోతే డబ్బు వెనక్కి ఇస్తాం". రెండోసారి వాదించొద్దు. అక్కడ మీరు ఒప్పించాల్సింది అతన్ని కాదు, ఏమీ రాయకుండా ఆ సంభాషణ చదువుతున్న వందమందిని. తిరిగొచ్చిన పదకొండు బాటిళ్లకూ మా మిత్రుడు డబ్బు ఇచ్చేశాడు. ఆ సంగతి పోస్టులో ఉంది కాబట్టి అతని మాట చెల్లింది.

బాటిళ్లు అయిపోయాయి, ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. బయట ఎక్కడైనా కొని నింపొచ్చా?

ఆ పని ఒక్కసారి చేస్తే మీరు రాసిన కథ అబద్ధమైపోతుంది. ఇంకో పంట తేనె తెస్తే ఇంకో పేరుతో అమ్మండి. నువ్వుల తేనె, ధనియాల తేనె, నీలగిరి తేనె దేని రంగూ రుచీ దానివే. లేదంటే పేర్లు పుస్తకంలో రాసుకుని, వచ్చే పూత ఎప్పుడో చెప్పండి. రబీ పొద్దుతిరుగుడు వేసిన రెండు నెలలకు పూతకొస్తుంది, కాబట్టి రైతు విత్తిన తేదీ తెలిస్తే తేనె నెల మీరే చెప్పగలరు. డబ్బు మాత్రం ముందుగా తీసుకోకండి. మబ్బు పట్టినా, పక్క చేలో ఎవరో పగటిపూట మందు కొట్టినా తేనె లెక్క తారుమారవుతుంది.

ప్రతి సీజన్‌కూ అదే కథ మళ్లీ పెడితే విసుగెత్తదా?

కొత్తగా వచ్చినవాళ్లకోసం పాతది పిన్ చేసి ఉంచండి. కొత్త పోస్టులో మాత్రం ఈ ఏడాది జరిగినదే రాయండి. ఈసారి పెట్టెలు ఏ ఊళ్లో దిగాయి, ఎన్ని కిలోలొచ్చాయి, ఏది చెడింది. మా మిత్రుడి రెండో ఏడాది పోస్టు ఇలా మొదలైంది: "ఈసారి తేనె తక్కువ. పూత మీద ఉండగా నాలుగు రోజులు ముసురు పట్టింది, ఈగలు పెట్టె దాటలేదు. 92 బాటిళ్లే వచ్చాయి. అందులో ఒకటి మా వీధి పిన్నిగారికి పక్కన పెట్టాను, పేరుకున్నదే కావాలన్నారు."